కన్నడ పెట్టెలోని నాలుగు వత్తులు

చింతామణిలో నేను పనిచేసిన ప్రెస్సుకు రెండే గదులు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, నేను. వెనక గదిలో సీసపు అక్షరాలుంచే గళ్ళ పెట్టెలు, మేము కేసులంటాం, కాలితో తొక్కే పాత అచ్చు యంత్రం, కంపోజిటర్ పెద్దాయన. కన్నడ పనులన్నీ అప్పటికే నా వైపుకు వచ్చేశాయి. తెలుగు పనులు మాత్రం, అంటే బాగేపల్లి వైపు నుంచి వచ్చే పెండ్లి పత్రికలూ భజన పుస్తకాలూ, పెద్దాయన చేతి మీదనే నడిచేవి. ఒక్కో అక్షరాన్నీ కేసులోంచి ఏరి, వరసలో నిలబెట్టి, దారంతో కట్టి, సిరా పూసి అచ్చు వేసేవాడు. ఆయన ఊరు చాకవేలు. రోజూ పొద్దున మొదటి బస్సుకు వచ్చి, సాయంత్రం చేళూరు మీదుగా పోయే బస్సుకు తిరిగి వెళ్ళేవాడు.

మాది సోమేనహళ్ళి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. నేను ప్రెస్సులో చేరేనాటికి తెలుగు గలగలా మాట్లాడతాను గానీ ఒక్క ముక్క చదవలేను. మా వైపు సగం మంది పరిస్థితి అంతే, అందుకని సిగ్గేమీ పడలేదు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది పెద్దాయనే. మధ్యాహ్నం అన్నం తిన్నాక కేసు ముందు నిలబెట్టి, ఒక్కో సీసం ముక్క చేతికిచ్చి ఏమిటో చెప్పమనేవాడు. సీసం మీద అక్షరం అద్దంలో చూసినట్టు కుడి ఎడమై ఉంటుంది. కాబట్టి నేను తెలుగు ముందు తిరగేసి నేర్చుకుని, తర్వాత సరిగ్గా చదవడం మొదలుపెట్టాను. తప్పు చెప్తే ముక్కను వెనక్కి లాక్కుని, "కండ్లు యాడ పెట్టినావమ్మా, కన్నడ బడిలో మరిచిపోయి వచ్చినావా?" అనేవాడు.

అంత మంచివాడితో నాకు పోటీ వచ్చింది. పెట్టింది మా యజమాని.

మా వెనక వైపు రోడ్డు వెడల్పు చేస్తామని పురసభె వాళ్ళు, అంటే మున్సిపాలిటీ వాళ్ళు, వచ్చి గోడల మీద ఎర్ర గీతలు గీసి పోయారు. మా వెనక గది మొత్తం గీతకు అవతల పడింది, అంటే కూలగొట్టేస్తారు. యజమాని రెండు రోజులు తల పట్టుకుని కూర్చుని, మూడో రోజు మా ఇద్దరినీ పిలిచాడు. ఆయనకు మాట నాన్చడం తెలియదు.

"చూడమ్మా, నువ్వు కంప్యూటర్లో తెలుగు అక్షరాలు చేస్తాండావంట కదా. అది అయితే సీసం అంతా అమ్మేస్తాను. కాకపోతే కేసులకు వేరే రూము బాడిగకు తీసుకుంటా, పెద్దాయన ఎప్పటి మాదిరే చేసుకుంటాడు. బాగేపల్లి కోలాటం వాళ్ళ పాటల పుస్తకం వచ్చుండాది. అది నువ్వు చెయ్యి. సరిగ్గా వస్తే ఒక దారి, రాకపోతే ఇంకో దారి."

పెద్దాయన చేతికంటిన సిరాను గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. నా అక్షరాలు నిలబడితే ఆయన ఇంటికి పోవాలి, ఆయన ఉండాలంటే నా అక్షరాలు పడిపోవాలి. అది మా ముగ్గురికీ అర్థమైంది.

తెలుగుకు ఉచితంగా దొరికే ఫాంట్లు అప్పటికే కొన్ని ఉన్నాయి. యజమానికి అవి నచ్చలేదు. మా ప్రెస్సు అక్షరం వేరు, గుండ్రంగా, కొంచెం బొద్దుగా ఉంటుంది. బాగేపల్లి వాళ్ళు పత్రిక చూడగానే మాది అని గుర్తుపట్టేవాళ్ళు. ఆ అక్షరమే కంప్యూటర్లోకి రావాలని ఆయన పట్టు. నేనూ దానికోసమే ఆర్నెల్లుగా తంటాలు పడుతున్నాను. కేసులోంచి ఒక్కో ముక్క ఏరి, నున్నటి కాగితం మీద అచ్చు తీసి, స్కాన్ చేసి, అంచుల వెంట గీతలు గీసి ఫాంటు ఫైలులో పెట్టాను. ఏరేటప్పుడు అరిగిపోయిన ముక్కలను పక్కన పెట్టి, అంచులు పదునుగా మెరుస్తున్నవే తీసుకున్నాను. ఎంత తెలివైన పని చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

బొమ్మలు గీయడం సులభం. వాటికి బుద్ధి నేర్పడమే కష్టం. కంప్యూటర్లో 'కి' అని ఒక అక్షరం ఉండదు. 'క' ఒకటి, గుడి ఒకటి, పక్కపక్కన రెండు గుర్తులుగా దాచి ఉంటాయి. వాటిని తెర మీద ఎలా కలపాలో ఫాంటు ఫైలులో మనమే నియమాలు రాయాలి. 'క' పక్కన గుడి వస్తే, తలకట్టు తీసేసి, ఆ చోట గుడి పెట్టిన 'కి' బొమ్మను తెచ్చిపెట్టు అని ఒక నియమం. కొమ్ము వస్తే తలకట్టు తీయకూడదు, 'కు'లో అది అలాగే ఉంటుంది. 'జ', 'బ', 'ల', 'ట' లాంటి వాటికి తలకట్టే లేదు, తీయమంటే ఏం తీస్తుంది? 'వ'కు అందరికీ ఇచ్చే కొమ్ము ఇస్తే అది చూడటానికి 'మ' అయి కూర్చుంటుంది, అందుకని దానికి కింద నుంచి మొదలయ్యే పొడుగు కొమ్ము వేరే. ఇట్లా ఒక్కోదానికి ఒక్కో అలక. పెద్ద కుటుంబంలో పెండ్లికి బట్టలు పెట్టినంత జాగ్రత్తగా ఎవరిది వాళ్ళకు ఇవ్వాలి.

వత్తులు ఇంకా గడుసువి. 'భక్తి'లో 'క్తి' తీసుకుంటే, లోపల దాచిన వరస ఇది: క, పొల్లు, త, గుడి. కంప్యూటర్లో అక్షరాలు కూర్చే భాగం ముందు ఇదంతా ఒకే అక్షరం అని గుర్తిస్తుంది. 'క' అసలు అక్షరం, పొల్లూ 'త' కలిసి త వత్తు అని నా నియమం చెప్తుంది. అప్పుడది గుడిని ముందుకు లాగి 'క' పక్కన కూర్చోబెడుతుంది, వత్తు దాని వెనక్కి పోతుంది. 'క్ష'కు మాత్రం ముందే చీటీ రాసిపెట్టాలి. మిగతా నియమాల కంటే ముందు దాన్ని కలిపేయకపోతే, 'క' కింద ష వత్తు వేలాడుతుంది.

ఇక వత్తు ఎక్కడ నిలబడాలి? దానికి నేను కొక్కేలు అని పేరు పెట్టుకున్నాను. ప్రతి అక్షరం బొమ్మ అడుగున ఒక చుక్క పెడతాం, అది కొక్కెం. ప్రతి వత్తు మీద ఒక చుక్క పెడతాం, అది రింగు. రింగు వెళ్ళి కొక్కేనికి తగులుకుంటే వత్తు సరిగ్గా దాని కింద వేలాడుతుంది. ఎంత అందంగా ఉందో చూడండి. మొదటిసారి 'రక్త' అని కొట్టి, త వత్తు చక్కగా 'క' కిందికి వచ్చి నిలబడితే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వెంటనే 'భక్తి' అని కొట్టాను. వత్తు ఎగిరి పోయి పక్కన ఎక్కడో పడింది. అరగంట తిట్టుకున్నాక తెలిసింది, 'క'కు కొక్కెం పెట్టాను గానీ 'కి' అనేది ఇప్పుడు వేరే బొమ్మ, దానికి కొక్కెం లేదు. తగులుకోవడానికి చోటు లేక వత్తు ఎక్కడ పడితే అక్కడ పడింది. అంటే ప్రతి అక్షరానికీ, దాని గుణింతంలో ప్రతి బొమ్మకూ కొక్కెం పెట్టాలి. పెట్టాను. వారం పట్టింది. 'స్త్రీ'లో రెండు వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే, రెండు వత్తులు వచ్చిన చోట రెండోది ఎటు జరగాలో దానికి వేరే నియమం రాశాను. వత్తుల రింగులు కొలవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. సీసం ముక్క అచ్చులో దాని చదరపు అంచు కూడా తీసుకుని, ఆ అంచు నుంచి ఎంత దూరమో కొలిచి అన్ని వత్తులకూ ఒకే కొలత వాడాను. పని తొందరగా అయింది.

పుస్తకం మొత్తం ఎక్కించి, లేజర్ ప్రింటు తీసి, సోమవారం పొద్దున ప్రూఫు పెద్దాయన చేతిలో పెట్టాను. మా ప్రెస్సులో తెలుగు ఏదైనా ఆయన చూడందే అచ్చుకు పోదు. చూసే తీరు కూడా అందరికీ తెలుసు. నాలుగు వరసల పెండ్లి పత్రికలో కూడా ఎర్రపెన్నుతో ఆరు గీతలు గీసేవాడు. మంగళవారం సాయంత్రం ఆయన కాగితాలు తిరిగి ఇచ్చాడు. నలభై పేజీలు తిరగేశాను. ఒక్క ఎర్ర గీత లేదు.

"బాగుండాదమ్మా" అన్నాడు. బుధవారం నుంచి రాలేదు.

యజమాని ఎగిరి గంతేశాడు. శనివారం పొద్దున పేజీలను వెలుతురు పారే బటర్ పేపరు మీద ప్రింటు తీసి చిక్కబళ్ళాపురం తీసుకుపోవాలి, అక్కడ ఆఫ్‌సెట్ వాళ్ళు ప్లేట్లు చేసి అచ్చు వేస్తారు. ఆదివారం సీసం కొనేవాడు వస్తాడు. అన్నీ కుదిరిపోయాయి. ఆ తెల్లటి ప్రూఫు మాత్రం నన్ను తినేసింది. ఆర్నెల్లు కష్టపడినదాన్ని, సంతోషపడాలి కదా? కానీ ఆ మనిషి నాకు తెలుసు. తప్పు లేని పేజీ చూసినా తప్పు వెదికి గానీ వదలని మనిషి. బుధ, గురువారాలు ఆ నలభై పేజీలూ నేనే మళ్ళీ మళ్ళీ చదివాను. తెర మీద పెద్దది చేసి చూశాను. ఏమీ కనపడలేదు. కనపడకపోవడం ఇంకా భయపెట్టింది. ఈ పుస్తకం తప్పుగా అచ్చయితే బాగేపల్లిలో ప్రతి కోలాటం గుంపు చేతిలోనూ నా తప్పు ఉంటుంది.

శుక్రవారం పొద్దున యజమానికి ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి, పేజీలు సంచిలో వేసుకుని చాకవేలు బస్సెక్కాను. దారి పొడుగునా పండ్లు నూరుకుంటూనే ఉన్నాను.

పెద్దాయన ఊరి బయట చేన్లో వేరుశనగ చెట్లు పీకుతున్నాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగ మాదిరి ఒక్క క్షణం అట్లే ఆగిపోయాడు.

"ఏమ్మా, ఇంత దూరం వచ్చినావే?"

"మీ ఎర్రపెన్ను యాడ పోయిందప్పా? దాన్ని వెతుక్కుంటా వచ్చినా."

"తప్పుంటే గీస్తాను. లేకపోతే ఏం గీయాల?"

"మీరు తప్పు లేదంటే నేను నమ్మాల్నా? మా ఇంటి పెండ్లి పత్రికలో మీరు పదకొండు తప్పులు తీసినారు. నలభై పేజీల్లో ఒకటి కూడా లేదా?" నా గొంతు పెద్దదైంది. పక్క చేన్లో ఆడవాళ్ళు పని ఆపి చూశారు. నేను లెక్కచేయలేదు. "చెప్పండి. ఏం చూసినారు? ఏం దాస్తాండారు?"

ఆయన చేతులకంటిన మట్టి దులుపుకుని గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. నేను పేజీలు ఇచ్చాను. మొదటి పేజీలోనే 'పెద్దమ్మ' అనే మాట మీద వేలు పెట్టాడు.

"ఈ ద వత్తు చూడు. యాడ ఉండాది?"

"ద కింద."

"ద కింద కాదు. ద దాటి మ దగ్గరికి పోతాండాది. వెంట్రుక వాసి. మీ లేజర్ ప్రింటులో సందు కనపడతాది. రేపు ప్లేటు మీద సిరా పారితే ఆ సందు మూసుకుపోతాది. ద వత్తూ మ వత్తూ అంటుకుపోయి ఒక ముద్ద అయితాది. చదివేవానికి ఏ వత్తు ఎవరిదో తెల్దు." వేలు కిందికి జరిపాడు. "ఇదిగో 'తల్లి'. ఇదిగో 'సిగ్గు'. ఇది 'గుడ్డలు'. నాలుగే. గ, ద, డ, ల. మిగతావన్నీ చక్కగానే కూర్చున్నాయి."

నేను కళ్ళు చిన్నవి చేసుకుని చూశాను. ఆయన చూపించాక కనపడింది. చూపించకముందు రెండు రోజులు ఎందుకు కనపడలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఎందుకిట్లయింది? అన్నిటికీ ఒకటే కొలత పెట్టినా కదా?"

"అందుకే అయింది." ఆయన నా ముఖం చూడకుండా చెప్పాడు. "తెలుగు కేసులో ఆ నాలుగు వత్తులు ఎప్పుడో అయిపోయినాయి. కొత్తవి తెప్పించండి అని పెద్ద యజమాని, ఈయన నాయన, కాలంలో అడిగినా. తెప్పించలేదు. కన్నడ కేసులో అట్లాంటివే ఉండాయి, చూసేదానికి తేడా లేదు. వాటినే ఈ పెట్టెలో వేసుకున్నా. కానీ కన్నడ ముక్కలో అక్షరం కొంచెం కుడి పక్కకు పోతపోసి ఉంటాది. అందుకని ఎడమ అంచు ఆకురాయితో అరగదీసి, లోపలికి నెట్టి పెట్టేవాణ్ణి. అరగదీసినవి చూసేదానికి పాతగా ఉంటాయి. నువ్వు అవి వద్దని పక్కన పెట్టి, మెరిసేవి ఏరుకున్నావు. మెరిసేవంటే నేనింకా చెయ్యి పెట్టనివి."

నా పద్ధతిలో అంచు నుంచి కొలత తీశాను. అంచే తప్పు. ఇంత కాలం ఒక మనిషి ఆకురాయి పట్టి సరిచేసిన తప్పును, నేను ఏరి మరీ తెచ్చి, శుభ్రంగా ఫైలులో ఎక్కించుకున్నాను. తెలుగు కేసులో కన్నడ వత్తులు ఉంటాయని ఏ ఫాంటు చేసేవాడికి తోస్తుంది? తెలుగూ కన్నడా కలిసిన మా వైపు తప్ప ఎక్కడా జరగదు.

"నేను ఏరుకుంటాంటే మీరు చూసినారు కదా?"

"చూసినా."

"ఆ పొద్దే చెప్పొచ్చు కదా?"

"చెప్పి ఉండాల." ఆయన ఒక వేరుశనగ కాయ తీసి పగలగొట్టాడు, తినకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. "ప్రూఫులో చెప్పి ఉండాల. చెప్తే నా కేసులు పోతాయి. పుస్తకం ముద్దలు ముద్దలుగా వస్తే యజమాని నన్నే పిలుస్తాడు అనుకున్నా. నీకు చెడ్డపేరు వస్తాది అని కూడా తెలుసు. తెలిసే ఊరుకున్నా. నాకు నిద్ర లేదమ్మా, మంగళవారం నుంచి."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ గట్టు మీద మట్టి కాళ్ళతో కూర్చున్న ఆ మనిషిని చూస్తే కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నాకు అక్షరం నేర్పిన చెయ్యి అది. నా మూలంగానే ఆ చెయ్యికి పని లేకుండా పోతోంది. పేజీలు సంచిలో పెట్టుకుని లేచాను. నేను నాలుగు అడుగులు వేశాక వెనక నుంచి అన్నాడు.

"ఉండు. కాళ్ళు కడుక్కొని వస్తా. నువ్వొక్కదానివే చేస్తే మళ్ళా కొలత పెడతావు. ఇది కొలతతో అయ్యే పని కాదు, చూసి చేయాల."

బస్సులో నేను కిటికీ పక్కన, ఆయన ముందు సీట్లో. చేళూరు దాటాక నేను ముందుకు వంగి, "అప్పా, యజమానికి నేను చెప్తా. మీరు చూడకపోతే ఈ పుస్తకం నాశనమయ్యేది అని చెప్తా. ఇట్లాంటివి ఇంకా ఎన్ని వస్తాయో, ప్రతి పుస్తకానికీ మీ కన్ను కావాల అని చెప్తా. కేసులు లేకపోతే ఏం, ప్రూఫు చూసేదానికి మీరు ఉండాల్సిందే" అన్నాను. నిజంగా అనుకునే అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు. "చూద్దాంలే" అన్నాడు.

చింతామణిలో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. యజమాని లేడు, చిక్కబళ్ళాపురం వాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళాడు. సాయంత్రం ఆరు నుంచి మరుసటి మధ్యాహ్నం దాకా కరెంటు ఉండదని వీధిలో చెప్తున్నారు. మా యూపీఎస్ పది నిమిషాలు కూడా ఆగదు. నలభై పేజీలు మళ్ళీ ప్రింటు తీయాలి.

ద వత్తు తెరిచాను. తెర మీద ఆ వత్తు, దాని మీద నేను పెట్టిన చుక్క. చుక్కను కుడి పక్కకు జరిపితే వత్తు ఎడమకు వస్తుంది, రింగు ఏ చోట ఉంటే ఆ చోటే కొక్కేనికి తగులుకుంటుంది కాబట్టి. ఈ తిరకాసు పెద్దాయనకు చెప్తే నవ్వాడు. "సీసం కూడా అంతే కదమ్మా, అంతా తిరగేసి ఆలోచించాల" అన్నాడు. పక్కన స్టూలు మీద కూర్చుని తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా వచ్చాడు.

"ఇంకొంచెం... ఇంకా... ఆగు. ఎక్కువైపోయింది. రెండు వెనక్కి."

ఫాంటు మళ్ళీ తయారుచేయడం, పాత దాన్ని తీసి కొత్తది ఎక్కించడం, 'పెద్దమ్మ' ఉన్న పేజీ తెరవడం, ప్రింటు తీయడం. ప్రింటు తీసిన ప్రతిసారీ ఆయన ఎర్రపెన్ను తీసి గీసేవాడు. ఆ గీతలు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. 'ద' అయింది. 'డ' అయింది. 'గ' అయింది. 'ల' దగ్గర ఇరుక్కుపోయాం. 'ల్ల' బాగుంది, 'ల్లి' బాగుంది, 'ల్లు' మాత్రం మళ్ళీ పక్కకు పోతోంది. రింగు సరిగ్గానే ఉంది. అప్పుడు 'లు' బొమ్మ తెరిచి చూస్తే, దాని కొక్కేన్ని అసలు అక్షరం నడుమ కాకుండా కొమ్ముతో కలిపి మొత్తం వెడల్పుకు నడుమ పెట్టానని తెలిసింది. కొమ్ము ఉన్న బొమ్మలన్నిటిలోనూ అదే తప్పు చేశాను, వెడల్పు ఎక్కువ కాబట్టి 'లు'లోనే అది కంటికి ఆనింది. ఇంతసేపూ వత్తు తప్పు అనుకుంటే ఇక్కడ తగిలించే చోటే తప్పు. ఒక్కో 'కు', 'గు', 'డు', 'లు' తెరిచి కొక్కెం ఎడమకు జరిపాను. గడియారం చూడొద్దు అనుకుంటూనే చూస్తున్నాను.

ఐదున్నరకు ఆయన మొదటి పేజీ తీసుకుని కిటికీ దగ్గరికి పోయాడు. ఆ మనిషి తల ఊపడానికి ఎంతసేపు తీసుకున్నాడో. "పంపు" అన్నాడు. బటర్ పేపరు పెట్టి ప్రింటు కొట్టాను. ముప్పై ఎనిమిదో పేజీ బయటికి వస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఇంకో రెండు పేజీలు. ప్రింటరు తీరిగ్గా, ఊరేగింపు పోయినట్టు, ఆ రెంటినీ బయటికి తోసింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. ఆర్నెల్లలో మేమిద్దరం కలిసి నవ్వింది అదే.

శనివారం ముగ్గురం చిక్కబళ్ళాపురం వెళ్ళాం. పెద్దాయనను నేనే రమ్మన్నాను. యజమాని ముందు చెప్పాలని మాట ఇచ్చాను కదా. ప్లేట్లు అయ్యాయి, యంత్రం తిరిగింది, మొదటి షీటు బయటికి వచ్చింది. యజమాని దాన్ని రెండు చేతులతో వెలుతురుకు పట్టి చూశాడు. 'పెద్దమ్మ' పెద్దమ్మలాగే ఉంది. 'తల్లి', 'సిగ్గు', అన్నీ వాటి వాటి చోట్ల నిలబడి ఉన్నాయి. సిరా ఎక్కడా అంటుకోలేదు.

షీటును పెద్దాయన ముందు పెట్టాడు. "ఏమప్పా, సరిగ్గా ఉండాదా?"

ఒక్క మాట. ఆయన 'లేదు' అంటే యజమాని నమ్ముతాడు. ఆయన మాట మీద తెలుగు అచ్చు ఆగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. పెద్దాయన వంగి, పై నుంచి కింది దాకా చదివాడు.

"ఉండాది. నా చేతి అక్షరమే. బాగుండాది."

కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అని మాటవరసకు అంటాం. నా కళ్ళ ముందు ఒక మనిషి తెలిసి, చూసి, నరుక్కున్నాడు.

యజమాని ముఖం వెలిగిపోయింది. ఆఫ్‌సెట్ వాళ్ళను పిలిచి నన్ను చూపించాడు. "మా ప్రెస్సు పిల్ల. తెలుగు ఫాంటు సొంతంగా చేసింది. బెంగళూరులో కూడా చేసేవాళ్ళు లేరు." వాళ్ళు నన్ను చూశారు. యంత్రం తిప్పే ఆయన కూడా పని ఆపి చూశాడు. యజమాని నా వైపు తిరిగాడు.

"ఇంత సన్నంగా ఎట్ల కుదిర్చినావమ్మా ఇదంతా?"

ఇదే ఆ క్షణం. చెప్పాల్సిన మాటలు బస్సులోనే వరసగా అనుకున్నాను. నోరు తెరిచాను. పెద్దాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. నా జీవితంలో అంతమంది నన్ను అట్లా చూడటం అదే మొదలు.

"కష్టపడినా, అన్నా" అన్నాను.

అంతే. ఇంకొక్క మాట రాలేదు. వస్తుందని నేనూ ఎదురుచూశాను, రాలేదు. యజమాని తల ఊపి, పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకేమప్పా, నువ్వు చేసింది చాలు. ఇంక ఇంటి పట్టున ఉండి విశ్రాంతి తీసుకో. రేపు సీసం తీసుకుపోయేవాడు వస్తాడు, నువ్వు రావాల్సిన పని లేదు."

పెద్దాయన సరే అన్నాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, తిట్టినా బాగుండేది. తన ఊరి వైపు పోయే బాగేపల్లి బస్సు ఎన్ని గంటలకో అక్కడున్న వాళ్ళను అడిగి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాడు. నేను వాకిలి దాకా వెళ్ళాను, రోడ్డు మీదికి వెళ్ళలేదు.

వెనక్కి వచ్చేసరికి యజమాని ఇంకో పుస్తకం కాగితాలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి ఉన్నాడు. "ఇది కూడా తెలుగుదే. నువ్వే చెయ్యి, నువ్వే చూసుకో" అన్నాడు. సరే అని తీసుకున్నాను.